మోస్తరు వాన ఎంత వాన?

సెప్టెంబర్ నెలలో డెంకణికోట మీద వాన ఎక్కువగా సాయంత్రాలే వస్తుంది. మధ్యాహ్నం దాకా ఎండ చురుక్కుమంటుంది, నాలుగు దాటాక మబ్బు కమ్ముతుంది, చీకటి పడేలోగా ఉరుముతుంది. అలాంటి ఒక సాయంత్రాన్ని ఊహించుకుందాం. ఐదున్నరకు మొదలైన వాన నలభై నిమిషాల పాటు ఊపిరి తిప్పుకోనివ్వకుండా పడింది. ఇంటి చూరు నుంచి ధారలు దిగాయి. ఎర్రమట్టి చేలల్లో నీళ్లు ఇంకడానికి వ్యవధి లేక గట్లు తెంచుకుని పోయాయి. వెలిశాక అరుగు మీద కూర్చున్నవాళ్లు ఆ వానను కుండపోత అనే అంటారు. మర్నాడు చెన్నై వాతావరణ కేంద్రం విడుదల చేసే పట్టికలో కృష్ణగిరి జిల్లా వరుసలో ‘డెంకణికోట 3’ అని ఉంటుంది. అంటే మూడు సెంటీమీటర్లు. వాతావరణ శాఖ లెక్కలో ఆ వాన పేరు ‘మోస్తరు’.

“ఏమన్నా, నిన్నటిది మోస్తరంటనే! మోస్తరే ఇట్లుంటే పెద్దవాన ఎట్లుంటాదో” అని ఎవరో ఒకరు నవ్వకపోరు. ఆ నవ్వులో న్యాయం ఉంది. అయినా పట్టికలో తప్పేమీ లేదు. ఊరు కొలిచింది ఒకదాన్ని, శాఖ కొలిచింది మరొకదాన్ని.

శాఖ దేన్ని కొలుస్తుందో ముందు చూద్దాం. తాలూకా కేంద్రాల్లో ఉండే మామూలు రెయిన్ గేజ్ నోరు 200 చదరపు సెంటీమీటర్లు, అంటే మన అన్నం పళ్లెం కన్నా చిన్నది. దాని అంచు నేలకు 30 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది, కిందపడిన చినుకు చింది లోపలికి పోకుండా. గరాటు గుండా దిగిన నీళ్లు లోపలి సీసాలో చేరతాయి. ఒక మిల్లీమీటరు వాన పడితే ఆ సీసాలో చేరేది 20 మిల్లీలీటర్ల నీళ్లు. ప్రతిరోజూ ఉదయం 8.30కు ఆ నీళ్లను గీతల గాజు గొట్టంలో పోసి చూస్తారు. మన నలభై నిమిషాల వాన 600 మిల్లీలీటర్లు నింపింది, కాబట్టి 30 మిల్లీమీటర్లు. అది నలభై నిమిషాల్లో నిండిందో, ఇరవై గంటల్లో నిండిందో ఆ సీసాకు తెలియదు.

భారత వాతావరణ శాఖ రోజువారీ మాటలన్నీ ఈ సీసా మీదే నిలబడ్డాయి. 24 గంటల్లో 2.4 మిల్లీమీటర్ల దాకా పడితే అతి తేలికపాటి వాన. 2.5 నుంచి 15.5 దాకా తేలికపాటి వాన. 15.6 నుంచి 64.4 దాకా మోస్తరు. 64.5 నుంచి 115.5 దాకా భారీ. ఆపైన 204.4 దాకా అతి భారీ. 204.5 దాటితే అత్యంత భారీ. చెన్నై కేంద్రం తమిళంలో ఇచ్చే సూచనల్లో చివరి మూడూ కనమళై, మిగ కనమళై, అతి కనమళై అవుతాయి. ఇక్కడ డెంకణికోట తెలుగువాళ్లకు ఒక చిక్కుంది. తెలుగు పత్రికల ‘అతి భారీ’ మెట్టు రెండోది, తమిళ టీవీ ‘అతి కనమళై’ మెట్టు మూడోది. ఇంట్లో తెలుగు, వార్తల్లో తమిళం, సంతలో కన్నడం నడిచే ఊళ్లో ‘అతి’ అన్న ఒక్క మాట రెండు మెట్ల మీద కూర్చుంది. ఒకటి పన్నెండు సెంటీమీటర్ల దగ్గర మొదలవుతుంది, మరొకటి ఇరవయ్యొకటి దగ్గర.

మెట్లలో మోస్తరు ఎంత వెడల్పో గమనించండి. 16 మిల్లీమీటర్లు పడినా మోస్తరే, దానికి నాలుగింతలు పడినా మోస్తరే. జూలైలో రోజంతా ముసురు పట్టి 30 మిల్లీమీటర్లు పడినా మోస్తరే, మన సెప్టెంబర్ సాయంత్రం నలభై నిమిషాల్లో దంచిపోయినా మోస్తరే. రైతుకు ఈ రెండూ ఒకటి కావు. ముసురులో పడింది చాలావరకు నేలలో ఇంకుతుంది, రాగి పైరు వేరు దాకా దిగుతుంది. దంచిన వానలో పెద్ద చినుకులు ఎర్రమట్టిని కొట్టి పైపొరను మెత్తి పెడతాయి. ఆ పొర ఆరితే పెచ్చు కడుతుంది. కొత్తగా చల్లిన విత్తనం ఆ పెచ్చును చీల్చుకుని రాలేదు. చాలా నీళ్లు వాలు వెంట వంకలోకి పోతాయి.

జనం మాటలు ఈ తేడాను చూసి పుట్టినవి. తుంపర, జల్లు, ముసురు, జడి, కుండపోత అన్నప్పుడు మనం చెబుతున్నది నీళ్ల మొత్తాన్ని కాదు. చినుకు ఎంత లావు, ఎంత ఒత్తుగా పడింది, ఎంతసేపు పడింది, మధ్యలో తెరిపి ఇచ్చిందా లేదా అన్నది. శాస్త్రంలోనూ ఈ చూపు ఉంది. వాతావరణ పరిశీలకులు తుంపరను వాన నుంచి విడదీసేది నీళ్ల మొత్తాన్ని బట్టి కాదు, చినుకు సైజును బట్టి. అర మిల్లీమీటరు కన్నా సన్నగా, దగ్గర దగ్గరగా, గాలిలో తేలినట్టు పడేవి తుంపర. అంతకన్నా లావైతే వాన. జల్లుకు గుర్తు ఇంకొకటి. నిటారుగా పెరిగిన మబ్బు నుంచి ఉన్నట్టుండి మొదలై, ఉన్నట్టుండి ఆగేదాన్ని జల్లు అంటారు. అది ఎంత గట్టిగా పడినా సరే. కాబట్టి శాస్త్రం ప్రకారం మన సెప్టెంబర్ కుండపోత కూడా ఒక జల్లే. ‘జల్లు’ అంటే చల్లగా నాలుగు చినుకులు అనుకునే మనకు ఇది మింగుడుపడదు.

చినుకు సైజు పైన మబ్బు రకాన్ని చెబుతుంది. సన్నని చినుకు సెకనుకు రెండు మీటర్లకు మించి దిగదు. కాబట్టి మబ్బులో పైకి లేచే గాలి ఏమాత్రం బలంగా ఉన్నా అది కిందికి రాలేదు. తుంపర పడుతోందంటే పైన ఉన్నది పలచగా, పరుపులా పరుచుకున్న ప్రశాంతమైన మబ్బు. ఐదారు మిల్లీమీటర్ల చినుకు సెకనుకు తొమ్మిది మీటర్ల దాకా వేగంతో దిగుతుంది. అంతటి చినుకు తయారు కావాలంటే దాన్ని చాలాసేపు పైన నిలబెట్టగల గాలి మబ్బులో ఉండాలి. అంతకన్నా పెరిగితే గాలి తాకిడికి అదే చిట్లిపోతుంది. కాబట్టి వాన మొదట్లో రూపాయి బిళ్లలంత మచ్చలు పడుతూ నాలుగే చినుకులు టపటపమంటే, పైనున్నది ఉరుము మబ్బేనని లెక్కకట్టవచ్చు.

ఈ రెండు రకాల మబ్బులూ డెంకణికోటకు వేర్వేరు నెలల్లో వస్తాయి. హొసూరు, తళి, డెంకణికోట దాదాపు తొమ్మిది వందల మీటర్ల ఎత్తున్న పీఠభూమి మీదివి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి పడమటి కనుమల మీద తన తడిలో ఎక్కువ భాగం వదిలేసి ఇటు వస్తుంది. మిగిలిన తడి కిందుగా కమ్మిన మబ్బుగా, హోరుమనే గాలిగా, మొహాన చల్లినట్టుండే తుంపరగా కనిపిస్తుంది. కన్నడం మాట్లాడే పొరుగింట్లో దాన్ని తుంతురు అంటారు, తమిళం మాట్లాడే ఇంట్లో తూరల్ అంటారు. గాలికి కొట్టుకొచ్చేదైతే సారల్ అంటారు. సెప్టెంబర్, అక్టోబర్ నెలల్లో పడమటి గాలి నెమ్మదిస్తుంది, ఎండకు నేల వేడెక్కుతుంది, నిటారు మబ్బులు లేస్తాయి. ఏడాది వానలో పెద్ద వాటా అప్పుడు పడుతుంది. ఉత్తర కార్తె దాకా వాన లేకపోతే గంప ఎత్తమన్న సామెత ఆ సెప్టెంబర్ నెలదే.

జూలై తుంపర శాఖ లెక్కలో ఏమవుతుందో చూడండి. ఒక రోజును ‘వాన పడిన రోజు’గా లెక్కించాలంటే కనీసం 2.5 మిల్లీమీటర్లు పడాలి. గాలితో కొట్టే తుంపర రోజంతా పడినా చాలాసార్లు అంత చేరదు. పైగా గాలి బలంగా ఉంటే సన్నని చినుకుల్లో కొన్ని గేజ్ నోటి మీదుగా పక్కకు కొట్టుకుపోతాయి. వారమంతా గొడుగు మూయకుండా తిరిగినా, ఆ వారంలో వాన పడిన రోజులు సున్నా అని కాగితం మీద ఉండొచ్చు. చెరువుకు అది నిజంగా సున్నానే. కానీ టమాటా, గులాబీ పెట్టినవాళ్లకు కాదు. ఆకు మీద తడి గంటల తరబడి ఆరకపోతే బూజు తెగుళ్లు పట్టుకుంటాయి. దానికి రెండు మిల్లీమీటర్ల నీళ్లు కూడా అక్కర్లేదు. మందు కొట్టాలా వద్దా అని తేల్చుకునేవాళ్లు అక్కడ మిల్లీమీటర్ల కన్నా ‘ముసురు’ అన్న మాటనే నమ్మాలి. ఆ మాటలో తడి ఎంతసేపు ఉందో ఉంటుంది.

ఎనిమిదిన్నర గంట ఇంకో తిరకాసు పెడుతుంది. పట్టికలో ఏ తేదీ కింద వేసినా, అది ఆ ఉదయం 8.30తో ముగిసిన 24 గంటల లెక్క. 15వ తేదీ సాయంత్రం కురిసిన వాన 16వ తేదీ కింద పడుతుంది. పంట బీమాకో, నష్టపరిహారానికో అర్జీ పెట్టేవాళ్లు 15వ తేదీ లెక్క తీసి ‘వాన లేదు’ అని చూసి కంగారుపడటం ఇందుకే. ఉదయం ఆరుకు మొదలై పదకొండు దాకా కురిసిన వాన సంగతి ఇంకా విచిత్రం. మొత్తం 80 మిల్లీమీటర్లు పడిందనుకోండి, అది భారీ వానే. అందులో 40 ఎనిమిదిన్నరకు ముందు, 40 తర్వాత పడితే మాత్రం రెండు రోజులకూ చెరొక మోస్తరు వాన నమోదవుతుంది. భారీ వాన ఎక్కడా ఉండదు.

వేగాన్ని కొలిచే మాటలు శాఖ దగ్గర అసలు లేవా అంటే, ఉన్నాయి. వచ్చే రెండు మూడు గంటలకు జిల్లాల వారీగా ఇచ్చే తక్షణ సూచన వేరే కొలబద్ద వాడుతుంది. అందులో గంటకు 5 మిల్లీమీటర్ల లోపు తేలికపాటి, 5 నుంచి 15 దాకా మోస్తరు, 15 దాటితే భారీ. మన సెప్టెంబర్ వానను ఈ కొలబద్దతో చూద్దాం. నలభై నిమిషాల్లో 30 అంటే గంటకు 45 మిల్లీమీటర్ల చొప్పున పడింది. తక్షణ సూచన హద్దుకు అది మూడింతలు. అంటే సాయంత్రం ఐదుకు ఫోన్లో వచ్చిన సూచన ఆ వానను ‘భారీ’ అని సరిగ్గా చెప్పి ఉండొచ్చు, మర్నాటి పట్టిక అదే వానను ‘మోస్తరు’ అని అంతే సరిగ్గా చెప్పొచ్చు. ఒకే శాఖ, ఒకే వాన, ఒకే వరుస మాటలు, రెండు కొలబద్దలు. ఇలా చేయడం నాకు నచ్చదు. రెండో కొలబద్దకు వేరే మాటలు పెట్టుకోవలసింది, మన దగ్గర కుండపోత, జడి లాంటివి ఊరికే పడి ఉన్నాయి కదా. అంతవరకూ చదివేవాళ్లే ఒకటి గుర్తుపెట్టుకోవాలి. సూచన కింద ‘మూడు గంటలు’ అని ఉంటే ఆ మాట వేగానిది, ‘రేపు, ఎల్లుండి’ అని ఉంటే మొత్తానిది.

‘ఓరిరు ఇడంగళిల్’ అని తమిళ సూచనలో, ‘ఒకటి రెండు చోట్ల’ అని తెలుగులో వినిపించే మాటకూ కొలత ఉంది. ఆ ప్రాంతంలోని రెయిన్ గేజుల్లో నాలుగో వంతుకు మించకుండా వాన నమోదవుతుందని దాని అర్థం. సగం దాకా అయితే కొన్నిచోట్ల, ముప్పాతిక దాకా అయితే అనేకచోట్ల, ఆపైన చాలాచోట్ల. ఒక జిల్లాలో పన్నెండు గేజులున్నాయనుకుంటే ‘ఒకటి రెండు’ అంటే మూడు దాకా. అయితే ఒక ఉరుము మబ్బు వెడల్పు కొద్ది కిలోమీటర్లే. కెలమంగలంలో చేను మునిగి డెంకణికోటలో దుమ్ము లేవడం వింతేమీ కాదు. డెంకణికోట గేజులో సున్నా ఉంటే ఆ పళ్లెమంతైనా లేని నోట్లో ఏమీ పడలేదని మాత్రమే అర్థం. ఆ తాలూకా అడవులూ లోయలూ తడవలేదని కాదు.

గాలి మాటల సంగతి మరోలా ఉంటుంది. గాలి ఒకే వేగంతో వీచదు కాబట్టి ఎంతసేపటి సగటు అన్నదాన్ని బట్టి అంకె మారిపోతుంది. ప్రపంచంలో ఎక్కువ చోట్ల పది నిమిషాల సగటు తీస్తారు. మన శాఖ తుఫాను గాలికి మూడు నిమిషాల సగటు వాడుతుంది. ఆ సగటు మధ్యలో మూడు సెకన్ల పాటు ఎగసి పడేదే విసురు. చెన్నై కేంద్రం జాలరులకు ఇచ్చే తమిళ సూచనలో గంటకు 45 నుంచి 55 కిలోమీటర్లు, ‘ఇడైయిడైయే’ 65 అని ఉంటుంది. ఆ ‘ఇడైయిడైయే’, అంటే నడుమ నడుమ అన్నదే విసురు. ముందున్న అంకెలు సగటువి. అదే సూచనలో ‘సూరావళిక్కాట్రు’ అని విని సుడిగాలి వస్తోందని బెదరనక్కర్లేదు. అది సుడి తిరిగే గాలి కాదు, ఒక్కసారిగా పెరిగి కొంతసేపు నిలిచే గాలి. శాస్త్రపు హద్దు ప్రకారం గాలి వేగం ఉన్నట్టుండి కనీసం 30 కిలోమీటర్లు పెరిగి, 40 దాటి, ఒక నిమిషమైనా నిలవాలి. కొన్ని సెకన్లలో పడిపోతే అది ఉత్త విసురే.

సముద్రం లేని డెంకణికోటకు విసురు వచ్చేది ఉరుము మబ్బు నుంచే. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం మబ్బు కింద వాన మొదలైనప్పుడు సగం చినుకులు నేలకు రాకముందే ఆవిరైపోతాయి. ఆవిరయ్యేటప్పుడు చుట్టూ ఉన్న గాలి వేడిని లాగేసుకుంటాయి. చల్లబడ్డ గాలి బరువెక్కి కిందికి దూకుతుంది, నేలను తాకి నాలుగు వైపులా పరుగెత్తుతుంది. వాన కన్నా ముందే ఊరికి చేరేది ఇదే. దుమ్ము ఒక గోడలా లేస్తుంది, ఒళ్లు జిల్లుమంటుంది, తడిమట్టి వాసన వస్తుంది, వాన మాత్రం ఇంకా రాదు. తెలుగు సూచనల్లో ఈదురుగాలి అనేది దీన్నే. ఈదురు అంటేనే చలిగాలి కాబట్టి, ఈ ఒక్కచోట శాఖ మాటా, జరిగే పనీ చక్కగా కలిశాయి.

‘గంటకు 30 నుంచి 40 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు’ అన్నది చిన్న అంకెలా కనిపిస్తుంది, ఆ వేగంతో మోపెడ్ నడుపుతాం కదా. కానీ గాలి తోపు వేగంతో పాటు పెరగదు, వేగం వర్గంతో పెరుగుతుంది. హొసూరు చుట్టూ గులాబీలు పెంచే పాలీహౌస్ ఒకటి తీసుకుందాం. గాలికి ఎదురుగా ఉన్న పక్క పది మీటర్ల పొడవు, నాలుగు మీటర్ల ఎత్తు అనుకుంటే మొత్తం 40 చదరపు మీటర్లు. గంటకు 30 కిలోమీటర్ల గాలి దాని మీద దాదాపు 170 కిలోల తోపు పెడుతుంది. గాలి రెట్టింపై 60 అయితే తోపు రెట్టింపు కాదు, నాలుగింతలు, దాదాపు 690 కిలోలు. దానికి తోడు విసురు ఆగి ఆగి కొడుతుంది. ప్రతి దెబ్బకూ ప్లాస్టిక్ షీటు ఉబ్బి, వదులై, మళ్లీ ఉబ్బుతుంది. ముందుగా ఊడేది షీటును పట్టి ఉంచే క్లిప్పుల దగ్గర. అక్కడ ఒక జానెడు సందు దొరికితే గాలి లోపల దూరి కప్పును పైకి ఎత్తేస్తుంది. అందుకే సూచనలో 40 దాటిన అంకె కనిపించినప్పుడు పక్క తెరలు దించి బిగించడం, వదులైన క్లిప్పులు సరిచూడటం అవసరం. మబ్బు కనిపించాక ఆ పని చేద్దామంటే గాలి వానకు ముందే వచ్చేస్తుంది.

వాన మాటా గాలి మాటా విడిపోయి నడిచిన సంగతి ఒకటి ఈ జిల్లాలోనే జరిగింది. 2024 నవంబర్ 30 రాత్రి ఫెంగల్ తుఫాను పుదుచ్చేరి దగ్గర తీరం దాటింది. తుఫాను అన్న పేరు వానను బట్టి పెట్టేది కాదు, పూర్తిగా గాలి వేగాన్ని బట్టి పెట్టేది. గంటకు 31 కిలోమీటర్లు చేరితే అల్పపీడనం వాయుగుండమవుతుంది, 62 దాటితే తుఫాను అవుతుంది. నేల మీదికి వచ్చాక కింద వేడి సముద్రం లేక గాలి తగ్గుతూ పోయింది. డిసెంబర్ 1న సూచనల్లో ఫెంగల్ తుఫాను నుంచి వాయుగుండానికి దిగింది, మర్నాటికి అల్పపీడనమైంది. వింటున్నవాళ్లకు ‘బలహీనపడింది’ అన్న మాటే చెవిలో నిలిచింది. ఆ మాట గాలి గురించి నిజం. కానీ అది తీరం దగ్గర కదలకుండా చాలాసేపు ఆగి, తర్వాత మెల్లగా పడమటికి జరిగింది. మెల్లగా కదిలే మబ్బు తన దగ్గరున్న నీళ్లన్నీ ఒకే చోట పోస్తుంది. డిసెంబర్ 2 ఉదయం ఎనిమిదిన్నరకు ముగిసిన 24 గంటల్లో, కృష్ణగిరి జిల్లా తూర్పు కొసన ఉన్న ఊత్తంగరైలో 50 సెంటీమీటర్ల వాన నమోదైంది. చెరువు పొంగి, బస్టాండు దగ్గర నిలిపిన వాహనాలు వరదలో కొట్టుకుపోయాయి.

ఎకరానికి ఒక మిల్లీమీటరు వాన అంటే నాలుగు వేల లీటర్ల నీళ్లు. ఆ లెక్కన ఊత్తంగరైలో ఒక్కో ఎకరం మీద ఇరవై లక్షల లీటర్లు పడ్డాయి. దానికి శాఖ కొలబద్దలో ఉన్న మాట ‘అత్యంత భారీ’. 21 సెంటీమీటర్లు పడినా అదే మాట, 50 పడినా అదే మాట. పై మెట్టుకు హద్దు లేదు, అక్కడ అంకెనే చదువుకోవాలి.